గైర్హాజరు: మూడు రోజులు

సెప్టెంబరు ఇరవై ఐదు మధ్యాహ్నం భోజనాల గదిలో, మూల బల్ల దగ్గర కూర్చుని, ఓచి షిహొ జీతం చీటీకి మూడు వైపులా అంటించి ఉన్న అంచులు చింపింది. లోపలి అంకె చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నోట్లో పెట్టుకున్న అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

లక్షా ముప్ఫై ఆరు వేల ఏడు వందల యాభై నాలుగు యెన్లు. పోయిన నెల లక్షా డెబ్బై ఐదు వేలు వచ్చింది. నెల తిరిగేసరికి ముప్ఫై ఎనిమిది వేలు ఎవరో నోట్లో వేసుకున్నారు.

షిహొకి కోపం త్వరగా వస్తుంది, నిదానంగా పోతుంది. పదకొండేళ్ళుగా ఆ లాండ్రీలో పని చేస్తోంది. మత్సుయామా ఊళ్ళోని వేడినీటి ఊటల హోటళ్ళలో జనం పొర్లిన దుప్పట్లూ, కట్టి విప్పిన పలచటి అంగీలూ లారీలకు లారీలు అక్కడికే వస్తాయి. ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి దుప్పటి రెండు మూలలూ పట్టి యంత్రం నోటికి అందించడం ఆమె పని. ఆగస్టులో ఆ యంత్రం ముందు నిలబడ్డవాళ్ళకి నరకమంటే పెద్దగా భయం ఉండదు. అంత కష్టం చేసి తెచ్చుకునే జీతంలో ముప్ఫై ఎనిమిది వేలు మాయమైతే మండదా?

ఎదురుగా కూర్చున్న హమగుచి ఆమె మొహం చూసింది గాని చీటీ వైపు చూడలేదు. అరవై దాటిన మనిషి, మడత బల్ల దగ్గర పని, నోరు కొంచెం పెద్దది. అయినా ఆ ఫ్యాక్టరీలో ఒకరి జీతం చీటీ ఇంకొకరు చూడటమంటే స్నానాల గది తలుపు సందులోంచి తొంగి చూసినట్టే. చీటీని అందుకే అంటించి ఇస్తారు. చింపగానే అందరూ దాన్ని మధ్యకి మడిచి, పైన ఉన్న సంపాదన సగం కిందికి తోసి, కోతల సగం మాత్రం చూసుకుంటూ ప్రభుత్వాన్ని తిట్టుకుంటారు. కోతలు అందరికీ ఒకటే కదా, వాటి గురించి గట్టిగా తిట్టినా తప్పు లేదు.

షిహొ కూడా అలాగే మడిచింది. ఫోన్ తీసి ఆ సగాన్ని ఫొటో కొట్టింది. ఈ మధ్య హమగుచే ఆమెకి ఒక అలవాటు నేర్పింది. ఏది అర్థం కాకపోయినా ఫోన్‌లో ఉన్న ఆ సహాయకుణ్ణి అడగడం. మనిషి కాదు, యంత్రం, కానీ అడిగినదానికి చెబుతుంది. షిహొ ఫొటో పంపి కింద ఒక్క ముక్క రాసింది: చేతికొచ్చే జీతం ఎందుకింత తక్కువ?

జవాబు వచ్చింది, ఒక పేజీ పొడుగునా. షిహొకి ఒళ్ళు మండింది. అడిగింది ఒక్క ప్రశ్న, ఇది పాఠం మొదలెట్టింది. ఆరోగ్య బీమా తొమ్మిది వేల తొమ్మిది వందలు, పెన్షను పద్ధెనిమిది వేల మూడు వందలు. ఈ రెండూ ఈ నెల ఎంత సంపాదించావన్నదాన్ని బట్టి కాదట, నీ జీతానికి ముందే ఖాయం చేసిన ఒక మెట్టుని బట్టి పడతాయట. నెలలో తక్కువ వచ్చినా ఇవి తగ్గవట. ఉద్యోగ బీమా తొమ్మిది వందల చిల్లర, అది మాత్రం సంపాదనతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. స్థానిక పన్ను పదమూడు వందలు, పోయినేడు సంపాదన మీద. ఆదాయ పన్ను గడిలో సున్నా.

ఆ తరవాత వృద్ధుల సంరక్షణ బీమా, పదిహేను వందల తొంభై. ఇది నలభై నిండినవాళ్ళకే మొదలవుతుందని, మీకు ఈ మధ్యే నలభై నిండి ఉంటే ఈ నెల చీటీలో మొదటిసారి కనబడటం సహజమేనని రాసింది.

ఆగస్టు ఇరవైన షిహొకి నలభై నిండాయి. సెప్టెంబరు రెండున ఆమె అత్తగారు కినుయే పోయింది. ఆరేళ్ళు మంచంలో ఉన్న మనిషి. షిహొయే ఆమెకి ముద్ద కలిపి తినిపించింది, ఒళ్ళు తుడిచింది, తడిసిన పక్కలు మార్చింది, ఫ్యాక్టరీలో ఊరందరి దుప్పట్లూ ఇస్త్రీ చేసి వచ్చి ఇంట్లో ఇంకో దుప్పటి ఉతికింది. ఆ చాకిరీ అయిపోయిన నెలలోనే ముసలివాళ్ళ సంరక్షణకని బీమా డబ్బు కోయడం మొదలెట్టారు.

“చూశావా అక్కా, నిన్నటిదాకా ఊరికే చేయించుకుని, ఇప్పుడు పైసలడుగుతున్నారు” అంది.

హమగుచి నవ్వింది. “మా ఆయన ఒళ్ళు తుడిచేటప్పుడు నాకూ అలాగే అనిపించేది. కట్టినంత కాలం కట్టాను, నేను మంచాన పడ్డప్పుడు వాళ్ళే వచ్చి తుడుస్తార్లే. మిగతాది చదువు.”

షిహొకి మిగతాది చదివే ఓపిక లేదు. కారణం దొరికింది కదా, తిట్టుకోవడానికి ప్రభుత్వం ఉంది కదా. ఫోన్ బోర్లా పెట్టేయబోయింది. హమగుచి చెయ్యి చాచి ఆపింది. “పదిహేను వందలకి ముప్ఫై ఎనిమిది వేలు తగ్గుతాయిటే? కూడిక రాదా నీకు?”

అది నిజమే. షిహొ తిట్టుకుంటూనే చివరికంటా చదివింది. చివర యంత్రం కూడా అదే మాట చెప్పింది, కొంచెం మర్యాదగా: “ఈ కోతలన్నీ కలిపి ముప్ఫై రెండు వేల పద్ధెనిమిది యెన్లు. వీటిలో కొత్తది సంరక్షణ బీమా ఒక్కటే కావచ్చు. మీ జీతం బాగా తగ్గిందంటే అసలు కారణం ఈ సగంలో ఉండకపోవచ్చు. పనికి రాని రోజుల డబ్బుని చాలా సంస్థలు కోతల వైపు చూపించవు, సంపాదన వైపే మైనస్ గుర్తుతో రాస్తాయి. చీటీ పై సగం, హాజరు గడులు కూడా ఫొటో తీసి పంపగలరా?”

షిహొ గోడ వైపు తిరిగి కూర్చుని చీటీ మొత్తం విప్పింది. పై సగం తను కూడా సరిగ్గా చూడలేదు. పదకొండేళ్ళలో ఎప్పుడూ చూడలేదేమో. మూల జీతం మారదు, రాకపోకల ఖర్చు మారదు, ఇంక చూడ్డానికేముంది అనుకునేది. ఫొటో తీసి పంపింది.

ఈసారి జవాబు చిన్నదే. హాజరు గడిలో ‘గైర్హాజరు: 3’ అని ఉంది. ‘ప్రత్యేక సెలవు’ గడి ఖాళీగా ఉంది. మూల జీతం లక్షా తొంభై రెండు వేలని నెలకి ఇరవై ఒక్క పనిదినాలతో భాగించి మూడు రోజులకి లెక్కేస్తే ఇరవై ఏడు వేల నాలుగు వందల ఇరవై ఎనిమిది. సంపాదన వైపు మైనస్ గుర్తుతో ఉన్నది సరిగ్గా అదే అంకె. ఆ మూడు రోజుల వల్లే కావచ్చు, పది వేల పూర్తి హాజరు భత్యం గడి కూడా సున్నా. ఈ రెండూ, సంరక్షణ బీమా కలిస్తేనే దాదాపు ముప్ఫై తొమ్మిది వేలు. “ఆ మూడు రోజులు మీరు ఏ కారణం మీద రాలేదో నాకు తెలియదు. అవి గైర్హాజరు కావని మీరనుకుంటే, ఆఫీసులో అడగవలసింది ఇదే.”

ఏ కారణం మీద. షిహొ ఆ మాట దగ్గర ఆగిపోయింది.

అత్తగారు పోయిన రోజు ఆసుపత్రి నడవాలోంచి ఆమే ఫోన్ చేసింది. ఇస్త్రీ యంత్రాల దగ్గరి మేస్త్రీ ఎత్తాడు. అత్తయ్య పోయిందంటే, సరే, చావు సెలవు మూడు రోజులు తీసుకో, ఆఫీసుకి నేను చెబుతాను అన్నాడు. ఆ మూడు రోజుల్లో మొదటి రాత్రి శవం పక్కన అగరొత్తులు ఆరిపోకుండా కూర్చుంది, మరునాడు దహనం చేయించింది, ఆచారం ప్రకారం ఎముకలు చాప్‌స్టిక్‌లతో ఏరి కుండలో వేసింది, మూడో నాడు నగర కార్యాలయాల చుట్టూ తిరిగింది. అవి గైర్హాజరట. తాగి పడుకుని పనికి రానివాడు కూడా గైర్హాజరే.

ఆ సంగతి రాసింది. తన భర్త పోయి నాలుగేళ్ళయిందని, పోయింది ఆయన తల్లి అని, అది కూడా రాసింది.

చావు సెలవు ఇవ్వాలని చట్టంలో లేదని, అది సంస్థ నియమావళిలో ఏం రాసుందో దాన్ని బట్టి ఉంటుందని, ఆ నియమావళి ఉద్యోగులు చూడటానికి వీలుగా పెట్టి తీరాలని, ముందు అది చదవమని యంత్రం చెప్పింది. భర్త పోయినా ఆయన తల్లిదండ్రులతో చట్టపరమైన చుట్టరికం దానంతటదే తెగదని, భార్య తెంచుకుంటానని నగర కార్యాలయంలో కాగితం ఇస్తేనే తెగుతుందని కూడా చెప్పింది. ఇంకొక్క మాట కలిపింది. అది షిహొ అడగనే లేదు.

“చీటీ కుడి మూలన చిన్న అక్షరాల్లో పన్ను లెక్కకి ‘పోషణలో ఉన్నవారు: 2’ అని ఉంది. ఆదాయ పన్ను సున్నా పడటానికి అది కూడా కారణం. భర్త పోయిన స్త్రీకి ఆ లెక్కలో ఒకటి కలపవచ్చు. రెండోది మీరు నమోదు చేసిన మరొక మనిషై ఉండాలి. ఎవరో ఫొటో చూసి నేను చెప్పలేను, మీకు తెలిసే ఉంటుంది.”

షిహొ లేచింది. అన్నం డబ్బాకి మూత కూడా పెట్టలేదు. హమగుచి ఏమైందే అని అడిగితే, తిరిగొచ్చి చెబుతానంది.

ఆఫీసు గది బాయిలరు వెనక ఉంటుంది. అక్కడ లెక్కలూ సెలవులూ చూసే మనిషి పేరు సోగా. పనివాళ్ళతో మాట్లాడటానికి గోడలో నడుమెత్తులో ఒక కిటికీ పెట్టారు. ఎవడు పెట్టించాడో గాని తెలివైనవాడే, ఎవరొచ్చినా నడుం వంచి అడుక్కోవాలి. పదకొండేళ్ళుగా షిహొ కూడా వంగే మాట్లాడింది. ఇవాళ పక్కకి తిరిగి తలుపు తోసుకుని, పని బూట్లు కూడా విప్పకుండా లోపలికి వెళ్ళి నిలబడింది.

సోగా నూడుల్స్ తింటున్నాడు. ముందు బూట్ల వైపు చూశాడు, తరవాత మొహం వైపు చూసి గిన్నె కింద పెట్టాడు.

నియమావళి చూపించమంది. ఎందుకన్నాడు. చూపించాలి కాబట్టి అంది. అల్మైరాలోంచి నీలం ఫైలు తీసి ఇచ్చాడు. ఆమె నిలబడే వెతికింది. చావు సెలవు, జీతంతో: భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, ఐదు రోజులు. భార్య లేక భర్త తల్లిదండ్రులు, మూడు రోజులు. ఆ వరుస మీద వేలు పెట్టి ఫైలు అతని వైపు తిప్పింది.

సోగా చెడ్డవాడు కాదు. అతనితో వచ్చిన చిక్కే అది. చెడ్డవాడైతే తిట్టి పోయేది. అతను మెత్తగా, ఓపిగ్గా, పిల్లకి లెక్క చెబుతున్నట్టు చెప్పాడు.

“ఓచి గారూ, ఇక్కడ భర్త తల్లిదండ్రులు అనుంది కదా. మీకు భర్త లేరు. మరి ఈ వరుస మీకు ఎలా వర్తిస్తుంది చెప్పండి? నేనూ ఆలోచించాను. ఏ గడిలోనూ పట్టలేదు, అందుకే గైర్హాజరు వేశాను.”

“నన్నొక్క మాట అడిగారా?”

“దుఃఖంలో ఉన్నారని అడగలేదు.”

షిహొకి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. దుఃఖంలో ఉందని తెలుసట, ఎవరి కోసమో మాత్రం తెలియదట.

సోగా ఆ నవ్వుని తన దారిలో అర్థం చేసుకున్నాడు. గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. ఆమెకి జీతంతో ఇచ్చే ఈ ఏటి సెలవు ఇంకా పద్నాలుగు రోజులు మిగిలి ఉంది. అందులో మూడు రోజులు వాడుకున్నట్టు ఇప్పుడు మార్చేస్తాడు. జీతం తిరిగొస్తుంది, హాజరు భత్యం పది వేలూ తిరిగొస్తుంది. పై ఆఫీసుకి కూడా చెప్పక్కర్లేదు. ఆమెకి నష్టమేమీ లేదు.

డబ్బు కోసమే వచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది. భోజనాల గదిలో చీటీ చింపినప్పుడు ఆమెకి కావలసింది ఆ డబ్బే. ఇప్పుడు అదే ఇస్తానంటుంటే తీసుకోబుద్ధి కాలేదు. అలా మారిస్తే కాగితం మీద ఏముంటుంది? ఓచి షిహొ సెప్టెంబరులో మూడు రోజులు సరదాగా సెలవు పెట్టుకుంది. కినుయే అనే ముసలావిడ ఎవరో పోయింది, షిహొకి ఏమీ కాదు.

“వద్దు” అంది.

“వద్దంటే?”

“నా సెలవు నాకుంచండి. ఆ మూడు రోజులు చావు సెలవని రాయండి.”

తన చేతుల్లో లేదని, నియమం అలా ఉందని, భర్త బతికుంటే మాట వేరని మళ్ళీ మొదలెట్టాడు. షిహొ జీతం చీటీ మొత్తం విప్పి, అతని నూడుల్స్ గిన్నె పక్కకి జరిపి, బల్ల మీద పరిచింది. పై సగం, కింది సగం, మూల జీతం, అన్నీ కనబడేలా పరిచింది. తలుపు బయట ఇద్దరు పనివాళ్ళు నిలబడి చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

“ఈ కుడి మూలనున్న అంకె చదవండి.”

“రెండు.”

“ఎవరా ఇద్దరు?”

సోగా చీటీ మీదికి వంగాడు.

“ఒకటి నేను మొగుడు పోయినదాన్ని కాబట్టి వేశారు. రెండోది ఎవరు? ప్రతి నవంబరులోనూ మీరు పంచే కాగితంలో నేను రాసిస్తున్నాను. మీరే ముద్ర కొట్టి తీసుకుంటున్నారు. తీయండి బయటికి.”

అతను తీశాడు. తీయక తప్పలేదు. పోయిన నవంబరు కాగితం, ఆమె చేతిరాతే. ఓచి కినుయే. చుట్టరికం: భర్త తల్లి. ఒకే ఇంట్లో ఉంటున్నారు: అవును. పక్కన ఎర్రగా సోగా ముద్ర. అంతకు ముందు ఏడాదిది కూడా దాని కిందే ఉంది, అదీ భర్త పోయిన తరవాతిదే.

“పన్ను లెక్కకి మా అత్తయ్య నాకు అత్తయ్యే” అంది షిహొ. ఆమె గొంతు పెద్దది కాలేదు గాని మాట మాటకీ గట్టిపడింది. “ఆరేళ్ళు మలమూత్రాలెత్తడానికి నాకు అత్తయ్యే. మా ఆయన పోయినప్పుడు ఆడపడుచు చెప్పింది, వదినా, నగర కార్యాలయంలో ఒక్క కాగితం ఇస్తే మా ఇంటితో నీకు సంబంధం తెగిపోతుంది, నీకు చిన్న వయసు, ఇచ్చెయ్ అని. నేనివ్వలేదు. ఇవ్వకపోతే తెగదట. చట్టమే తెంచలేదు, నేనూ తెంచలేదు. మీరెవరండీ తెంచడానికి?”

సోగా ఎర్ర ముద్ర వైపు చూస్తూ కూర్చున్నాడు. నిజంగా ఇవ్వలేదా అని నెమ్మదిగా అడిగాడు. ఇవ్వలేదు, కావాలంటే కుటుంబ రిజిస్టరు నకలు రేపు తెచ్చి మొహాన కొడతానంది షిహొ. అంత మాట అనాలనుకోలేదు, వచ్చేసింది. వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

అక్కర్లేదన్నాడు. కాసేపు కాగితాన్నీ చీటీనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఫోనెత్తి పై ఆఫీసుకి చేశాడు. అవతల ఏమడుగుతున్నారో వినబడటం లేదు గాని ఇతని జవాబులు వినబడుతున్నాయి. లేదండీ, గైర్హాజరు కాదు, నేను వేసిన తప్పు. అవునండీ, భర్త లేరు, అయినా చుట్టరికం ఉంది. మా దగ్గరే కాగితం ఉంది, నా ముద్రే ఉంది. మూడు రోజులూ చావు సెలవు, ప్రత్యేక సెలవు గడిలో. హాజరు భత్యం కూడా. ఆ తరవాత అవతల ఇంకేదో అడిగారు. సోగా షిహొ వైపు చూశాడు.

“ఆవిడ అత్తగారు పోయారండీ” అన్నాడు.

ఫోన్ పెట్టేసి, వచ్చే నెల జీతంలో కలుపుతామంటున్నారని చెప్పాడు. షిహొ ఒప్పుకోలేదు. కోయడానికి వచ్చే నెలదాకా ఆగలేదు కదా, ఇవ్వడానికి ఎందుకు ఆగాలంది. ఈ వారంలోనే వేయిస్తానన్నాడు. చీటీ కూడా కొత్తది ఇవ్వాలంది. ఇస్తానన్నాడు. ఇంకేం అడగాలో ఆమెకి తోచలేదు. బల్ల మీది చీటీ తీసుకుని, ఈసారి మడవకుండానే, తలుపు వైపు తిరిగింది.

“ఓచి గారూ.”

సోగా లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిపి, చొక్కా సర్దుకుని, రెండు చేతులూ తొడలకి ఆనించుకుని నడుం దాకా వంగాడు.

“మీ అత్తగారి విషయంలో నా సంతాపం” అన్నాడు.

ఆ మాట చెప్పినవాళ్ళకి తిరిగి వంగి కృతజ్ఞత చెప్పాలి. అందరూ అలాగే చేస్తారు, షిహొకీ తెలుసు. కానీ ఆ ఫ్యాక్టరీలో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. పనిలోకి వచ్చిన రోజు ఇస్త్రీ యంత్రం దగ్గరవాళ్ళు ఒంట్లో బాగుందా అని అడిగారు. హమగుచి రెండు నారింజ పళ్ళిచ్చి, ఇంక నీకు రాత్రిళ్ళు నిద్ర పడుతుందిలే అంది. అత్తగారు పోయిందని ఏడ్చే కోడలు ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆమెకీ అప్పుడు తోచలేదు.

వంగలేదు. నిలబడే ఉంది. “ఇరవై మూడు రోజులు ఆలస్యంగా చెప్పారు” అంది, కోపంగానే. ఆ మాట పూర్తయ్యేలోపే ఏడుపు వచ్చేసింది. మొహం కప్పుకోవడానికి చేతికి ఏమీ దొరకలేదు. చీటీతోనే కప్పుకుని, సోగా ముందు, బయట నిలబడ్డ ఇద్దరి ముందు, అత్తగారి కోసం పెద్దగా ఏడ్చింది.